7:50 వ్యాన్: ఒక ఇంటి పొద్దుటి పూటను నిమిషాల్లో కొలిచిన కేసు

నేను మహబూబ్‌నగర్‌లో పిల్లలకు, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ చేస్తాను. చదువు మీద ధ్యాస లేదనో, మాట వినడం లేదనో చాలామంది పిల్లల్ని తీసుకొస్తారు. మాట్లాడుతూ పోతే అందులో కొన్ని కేసులు పొద్దున 6 నుంచి 8 మధ్య జరిగే గొడవగా తేలతాయి. ఇది అలాంటి కేసే. ఇందులో నేను మొదట చేసిన రెండు పనులు తప్పాయి. అవి ఎందుకు తప్పాయో నాకు పిల్లల వల్ల కాదు, ఒక బకెట్ వల్ల తెలిసింది. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ఇల్లు, మనుషులు

టౌన్‌లో పై పోర్షన్, కిరాయి ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. బాత్రూం, లెట్రిన్ రెండూ ఒకే గదిలో. ఇంట్లో ఆరుగురు. తండ్రి జడ్చర్ల వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు, కంపెనీ బస్సు కోసం 7:10కి ఇల్లు దాటాలి. తల్లి బట్టల షాపులో సేల్స్‌లో ఉంటుంది, ఆమె 9 దాటాక వెళ్తుంది. నానమ్మకు మోకాళ్ల నొప్పులు, కూర్చుని చేసే పని ఏదైనా చేస్తుంది. ముగ్గురు పిల్లలు: 14 ఏళ్ల అమ్మాయి తొమ్మిదో తరగతి, 10 ఏళ్ల అబ్బాయి ఐదు, 6 ఏళ్ల చిన్నోడు ఒకటి. ముగ్గురూ ఒకే ప్రైవేటు స్కూలు, ఒకే వ్యాన్. వ్యాన్ గల్లీ చివరికి 7:50కి వస్తుంది.

ఏమని వచ్చారు

నవంబరు చివర్లో తల్లి పెద్ద బాబును తీసుకొచ్చింది. రోజూ బడికి పోయే టైముకు కడుపునొప్పి అంటాడు, ఆదివారం మాత్రం నొప్పి ఉండదు. "నాటకమా, నిజమా మేడం?" అని అడిగింది. ఆ నెలలో వ్యాన్ ఆరుసార్లు తప్పిందట. తప్పిన ప్రతిసారీ ఆటో, స్కూల్లో లేటు చిట్టీ, ఇంట్లో అరుపులు. "పొద్దున లేస్తే నా నోరు ఆగదు. పిల్లలు పోయినంక ఏడుస్తా" అంది.

కడుపునొప్పిని టెన్షన్ ఖాతాలో రాసేయడం చాలా సులువు. ఆదివారం రాదు కాబట్టి స్కూలంటే భయమే అనుకోవచ్చు. అయినా ముందు పిల్లల డాక్టర్‌కు చూపించమన్నాను. మలబద్ధకం అని తేలింది. బాబు స్కూల్లో లెట్రిన్‌కు వెళ్లడు, ఇంట్లో పొద్దున వెళ్లే సమయం లేదు. ఆదివారం పదింటికి తీరిగ్గా వెళ్తాడు కాబట్టి ఆ రోజు నొప్పి లేదు. నీళ్లు, కూరగాయలు, పండ్లు పెంచమని, ఏదైనా తిన్న తర్వాత పది నిమిషాలు తప్పకుండా కూర్చోబెట్టమని డాక్టర్ చెప్పారు. తిన్న కాసేపటికి పేగులు కదులుతాయి, పొద్దుటి పూట ఆ కదలిక ఇంకా బలంగా ఉంటుంది. అంటే ఈ బాబుకు టిఫిన్ అయ్యాక బాత్రూం పది నిమిషాలు ఖాళీగా దొరకాలి. ఆరుగురికి ఒకే బాత్రూం ఉన్న ఇంట్లో 7:15 తర్వాత అది దొరకడం ఎంత కష్టమో నాకు అప్పటికి తెలియదు.

మొదటి చార్టు

మొదటి రోజు తల్లిదండ్రులిద్దర్నీ కూర్చోబెట్టి ఏ పనికి ఎంతసేపు పడుతుందో అడిగాను. స్నానం ఐదు నిమిషాలు, బట్టలు ఐదు, టిఫిన్ పది, బూట్లు రెండు అన్నారు. వాళ్లు చెప్పిన అంకెలతోనే 5:30 నుంచి 7:40 దాకా 22 వరుసల చార్టు రాసి ఇచ్చాను. అందరూ 5:30కి లేవాలి. చిన్నోడిని తయారు చేసే బాధ్యత అక్కకు పెట్టాను.

మొదటి రోజు వ్యాన్ అందింది. నాకు సంతోషంగా ఫోన్ కూడా చేశారు. రెండో రోజు నల్లా వచ్చింది. ఆ గల్లీలో నల్లా రోజు విడిచి రోజు, 6 నుంచి 6:40 దాకా. తల్లి పైపు పట్టుకుని డ్రమ్ము దగ్గర నిలబడిపోయింది, పొయ్యి మీద ఉప్మా మాడింది, చార్టు పక్కకు పోయింది. వారం తిరిగేసరికి చిన్నోడు వ్యాన్‌లో నిద్రపోతున్నాడని డ్రైవర్ చెప్పాడు. రాత్రి 10:15కి పడుకునే పిల్లాడిని 5:30కి లేపితే ఏడుంబావు గంటల నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి, 13 దాటిన వాళ్లకు 8 నుంచి 10. పొద్దున సమయం చాలకపోతే ఇంకా ముందు లేపడమే మనకు తట్టే మొదటి ఉపాయం. ఆ సమయాన్ని నిద్రలోంచి కోస్తున్నామన్నది గమనించం. నేనూ గమనించలేదు.

అమ్మాయి మాట ఇంకా గట్టిగా తగిలింది. "నేనెందుకు తమ్ముని తయారు చెయ్యాలె? నా జడలే నాకు పడ్తలేవు" అంది. ఆమె అన్నది న్యాయం. ఇంట్లో పెద్ద ఆడపిల్ల ఉంది కదా అని అడగకుండానే ఆమెకు పని రాసేశాను. ఆ వరుస అప్పుడే కొట్టేశాను.

నక్షత్రాలు

రెండో ప్రయత్నంగా చార్టులో వరుసలు తగ్గించి, 7:35కి తయారైన వాళ్లకు ఒక నక్షత్రం స్టిక్కర్ పెట్టాను. పది రోజుల్లో అమ్మాయికి తొమ్మిది, పెద్ద బాబుకు ఐదు, చిన్నోడికి రెండు. పదకొండో రోజు చిన్నోడు చార్టు చింపేశాడు.

వాడు చింపిన కాగితం ముక్కల్ని తల్లి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. చూస్తుంటే ఒకటి కనిపించింది. నక్షత్రాలు స్నానం చేసే వరుసలోనే తగ్గుతున్నాయి. ముందు స్నానం చేసిన అమ్మాయికి ఎక్కువ, ఆఖరున చేసే చిన్నోడికి తక్కువ. చురుకుదనానికి ఇచ్చామనుకున్న బహుమతి నిజానికి వంతుకు ఇచ్చాం. వాడి వంతు ఆఖరున రావడం వాడి చేతిలో లేదు. పిల్లవాడి చేతిలో లేని పనికి బహుమతి పెడితే, ఇవ్వకపోవడం వాడికి శిక్షలాగే తోస్తుంది. ఆ రోజే స్టిక్కర్లు ఆపేసి ముందు కొలుద్దామన్నాను.

ఐదు రోజుల కొలత

ఐదు బడి రోజులు ఏమీ మార్చవద్దని, కొలత మాత్రం చేయమని చెప్పాను. పాత నోటుబుక్కులో అమ్మాయి ప్రతి పని మొదలైన టైము, అయిపోయిన టైము రాసింది. లెక్కల్లో చురుకైన పిల్ల, ఆ పని ఇష్టంగా చేసింది. నానమ్మకు ఇంకో పని ఇచ్చాను. కోడలు పిల్లల్ని పిలిచిన ప్రతిసారీ, గద్దించినా బతిమాలినా, ఒక శనగ గింజ గిన్నెలో వేయాలి. ఆమె వరండాలో కుర్చీ వేసుకుని ఒళ్లో శనగలు పెట్టుకుని కూర్చుంది. మొదటి రోజు గిన్నెలో 43 గింజలు. ఆ గిన్నెను ఎవరూ ఏమీ అనకుండా పొయ్యి పక్కన పెట్టారట. "చూసి నేనే కూసున్న మేడం" అంది తల్లి.

నోటుబుక్కు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. ఆ ఇంట్లో గీజర్ లేదు, 1500 వాట్ల హీటర్ రాడ్ ఒకటి, రాడ్ పెట్టడానికి పనికొచ్చే బకెట్ ఒకటి. ఆ బకెట్‌ను బాత్రూంలోనే పెట్టి కాచేవారు, ప్లగ్గు అక్కడే ఉంది కాబట్టి. చలికాలంలో పదిహేను లీటర్ల నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కడానికి పావుగంట పడుతుంది. రాడ్ లోపల ఉన్నంతసేపు బాత్రూంలోకి ఎవరూ వెళ్లకూడదు.

ఇప్పుడు కూడండి. నలుగురికి నాలుగు బకెట్లు, ఒక్కొక్కటి 15 నిమిషాలు, మొత్తం 60. స్నానాలు తండ్రికి 12, అమ్మాయికి 14, పెద్ద బాబుకు 10, చిన్నోడికి 12, మొత్తం 48. ఒకరి స్నానం అయ్యాకే తర్వాతి బకెట్ కాచడం మొదలు. 5:35కి మొదలుపెడితే ఎక్కడా ఒక్క నిమిషం వృథా కాకుండా 108 నిమిషాలు. అంటే 7:23. మధ్యలో లెట్రిన్‌కు వెళ్లినవి కలిపితే ఇంకో 18. చిన్నోడు బాత్రూంలోంచి బయటికి వచ్చేసరికి 7:41. వ్యాన్‌కు తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిదిలోనే బట్టలు, టిఫిన్, బూట్లు, మెట్లు, గల్లీ.

తల్లి ఆ 43 సార్లు పిలవడంలో సగం "తొందరగా రా". కానీ వచ్చి చేసేదేమీ లేదు, బకెట్ ఇంకా వేడెక్కలేదు. పిల్లలు టీవీ ముందు కూర్చున్నది బద్ధకంతో కాదు, వంతు కోసం.

ఈ లెక్క చూపించినప్పుడు తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోజూ దాన్నే తిడుతున్న" అన్నాడు భార్య వైపు చూసి.

ఏమేం మార్చాం, ఎందుకు

గీజర్ కొనమని చెప్పలేదు. కిరాయి ఇల్లు, ఓనర్ ఒప్పుకోవాలి, గోడకు బిగించాలి, వైరింగ్ తట్టుకోవాలి. ముందు ఉన్నదానితోనే చూద్దామనుకున్నాం. రెండు పెద్ద ప్లాస్టిక్ బకెట్లు కొన్నారు. రాడ్‌ను బాత్రూంలోంచి వంటింటి పక్క మూలకు, చిన్నోడికి అందని చోట ఉన్న ప్లగ్గుకు మార్చారు. ఒకరు స్నానం చేస్తుండగానే తర్వాతి బకెట్ బయట కాగుతుంది. రాడ్ విషయంలో మూడు నియమాలు రాయించాను: ఇనుప బకెట్‌లో పెట్టొద్దు, స్విచ్ ఆపి ప్లగ్గు తీసే దాకా నీళ్లలో వేలు పెట్టొద్దు, రాడ్ పెద్దవాళ్లే పెట్టాలి, పెద్దవాళ్లే తీయాలి. వేడి బకెట్‌ను బాత్రూంలోకి మోసేది కూడా పెద్దవాళ్లే.

రెండో మార్పుకు నానమ్మను ఒప్పించాల్సి వచ్చింది. చిన్నోడి స్నానం సాయంత్రానికి మార్చుదామన్నాను. సాయంత్రం ఆడుకుని మట్టి కొట్టుకుని వస్తాడు, అప్పుడు స్నానం ఎలాగూ అవసరం, నీళ్లు కూడా మరీ చల్లగా ఉండవు. "తానం చెయ్యకుంట బడికి పోతడా బిడ్డా?" అని ఆమె ఒప్పుకోలేదు. ఆమె పట్టింపును తోసేయాలనిపించలేదు. ఆ చార్టును రోజూ నిలబెట్టేది ఆమే. చివరికి పొద్దున మొహం, చేతులు, కాళ్లు కడిగి, తల దువ్వి బొట్టు పెట్టాలి, శుక్రవారం మాత్రం పొద్దుటి స్నానం అని ఒప్పందం కుదిరింది. శుక్రవారం తండ్రి తన స్నానాన్ని పది నిమిషాలు ముందుకు జరుపుకొని, ఒక బకెట్ ఎక్కువ కాస్తాడు.

అమ్మాయి నోటుబుక్కులో ఒక రోజు ఆమె స్నానం 21 నిమిషాలు, మిగతా రోజులు 12, 13, 13, 14. ఆ 21 తలంటుకున్న రోజు. తలస్నానం ఆదివారానికి, బుధవారం సాయంత్రానికి మార్చుకుంది.

ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు రాయాలన్నది నేను తరచూ వినే ప్రశ్న. సగటు రాస్తే ఇంచుమించు సగం రోజులు ఆ గీత దాటుతుంది. అలాగని అన్నిటికంటే ఎక్కువ పట్టిన రోజు అంకె రాస్తే చార్టు ఉబ్బిపోతుంది. ఐదు రోజుల్లో రెండో పెద్ద అంకె తీసుకుంటాను. పెద్ద బాబు స్నానం 8, 9, 9, 10, 16. పదహారు అయిన రోజు వాడు సబ్బుపెట్టెతో పడవ ఆడాడు. కాబట్టి 10 రాశాం.

ప్రతి పనికీ రెండేసి నిమిషాలు అదనంగా పెట్టడం మాత్రం చేయలేదు. అలా పెట్టిన నిమిషాలు ఆ పనిలోనే కరిగిపోతాయి. పన్నెండు నిమిషాలు ఉందంటే పిల్లవాడు పన్నెండు నిమిషాలూ స్నానం చేస్తాడు. మిగులు అంతా ఒకచోట చేర్చి, ఇల్లు దాటే ముందు పది నిమిషాలుగా పెట్టాం. దానికి పేరు పెట్టమంటే చిన్నోడు "ఉత్త టైము" అన్నాడు. చార్టులో అదే పేరు.

చార్టును కింది నుంచి పైకి రాశాం. వ్యాన్‌ను కూడా కొలిచాం. 7:50 అని చెప్పే వ్యాన్ ఆ ఐదు రోజుల్లో 7:47 నుంచి 7:55 మధ్య వచ్చింది. మెట్లు దిగి గల్లీ చివరికి నడవడానికి మూడు నిమిషాలు. 7:40కి తలుపు దాటితే ఏ రోజైనా అందుతుంది. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే గోడ మీదికి వచ్చిన చార్టు ఇది:

- 5:30 అమ్మ, నాన్న లేవడం. మొదటి బకెట్‌కు రాడ్
- 5:45 నుంచి 6:00 నాన్న స్నానం. రెండో బకెట్ బయట కాగుతుంది
- 6:00 అక్క లేవడం. మూడో బకెట్‌కు రాడ్. 6:20 లోపు అక్క స్నానం
- 6:15 రాడ్ తీసేయడం
- 6:20 పెద్ద బాబు లేవడం, 6:25 నుంచి 6:35 స్నానం
- 6:35 నానమ్మ దగ్గర అక్కకు రెండు జడలు, రిబ్బన్లు, 15 నిమిషాలు
- 6:40 చిన్నోడు లేవడం. 7:00 లోపు లెట్రిన్, మొహం, బట్టలు
- 7:00 నుంచి 7:15 ముగ్గురికీ టిఫిన్, టీవీ లేకుండా
- 7:15 నుంచి 7:25 బాత్రూం పెద్ద బాబుది, ఇంకెవరూ తలుపు కొట్టొద్దు
- 7:25 నుంచి 7:30 సాక్సులు, బూట్లు, మెట్ల మీద కూర్చుని
- 7:30 నుంచి 7:40 ఉత్త టైము
- 7:40 తలుపు

తల్లి, నానమ్మ స్నానాలు వ్యాన్ వెళ్లాకే. ఈ చార్టులో నాకు అన్నిటికంటే విలువైన వరుస 7:15ది. మిగతా మార్పులన్నీ ఆ పది నిమిషాలు ఖాళీ చేయడానికే పనికొచ్చాయి అనుకోవచ్చు.

ఇందులో నిమిషాలు నిక్కచ్చిగా పాటించాల్సినవి రాడ్, బాత్రూం, తలుపు మాత్రమే. అవి ఒకదాన్నొకటి నెడతాయి. జడలు నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయినా ఎవరి వంతూ ఆగదు, అందుకే జడల దగ్గర గడియారం చూడొద్దని నానమ్మకు చెప్పాను.

రాత్రికి మారిన పనులు

పిల్లలు లేచే టైము జరిగింది కాబట్టి పడుకునే టైము కూడా జరగాలి. అబ్బాయిలిద్దరూ 9:00కి, అమ్మాయి 9:45కి. చిన్నోడు 10:15 నుంచి 9:00కి ఒక్కసారి రాలేడు. మూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరిపితే రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు పొద్దున కాస్త కష్టంగానే సాగింది, ముందే చెప్పాను కాబట్టి వాళ్లు కంగారుపడలేదు.

బ్యాగులు, యూనిఫాం, సాక్సులు, డైరీ సంతకం, కూరగాయలు తరగడం రాత్రి 8:30కి. డైరీలో సంతకం లేదని పొద్దున 7:35కి ఏడ్చిన రోజులు ఆ నోటుబుక్కులో రెండున్నాయి.

చిన్నోడి క్లిప్పు

ఆరేళ్ల పిల్లాడికి ఏడుంబావు అంటే ఏమీ కాదు. వాడికి గడియారం కాదు, తర్వాత ఏమిటన్నది తెలియాలి. నాలుగు అట్టముక్కల మీద వాడితోనే బొమ్మలు గీయించాను: చెంబు, చొక్కా, పళ్లెం, బూటు. వరుసగా తాడుకు కట్టి వాడి కళ్లకు అందే ఎత్తులో మేకుకు తగిలించాం. ఒక పని అయితే బట్టల క్లిప్పు తీసి తర్వాతి బొమ్మకు పెట్టాలి. పళ్లెం బొమ్మలో వాడు ఇడ్లీలు మూడు గీశాడు, అన్నకు రెండే అని కూడా చెప్పాడు.

తల్లికి ఇచ్చిన పని ఒకటే. వంటింట్లోంచి పిలవొద్దు. పిల్లవాడి దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, పేరు పెట్టి, ఒక్క మాట: "క్లిప్పు ఎక్కడుంది?" తర్వాత పదివరకు లెక్కపెట్టుకుంటూ ఆగాలి. ఆ ఆగడమే కష్టం అంది ఆమె. చిన్నోడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందిది పైకి, పైది కిందికి పెడుతుంటే చెయ్యి చాచకుండా నిలబడ్డానని, అరచేతులు చీరకు తుడుచుకుంటూ ఉండిపోయానని చెప్పింది. వాడు రెండుసార్లు విప్పి మూడోసారి సరిగా పెట్టుకున్నాడు, నాలుగు నిమిషాలు పట్టింది. చార్టులో ఆ నాలుగు నిమిషాలకు చోటుంది.

మూడు వారాల తర్వాత నానమ్మ మళ్లీ శనగలు పట్టుకుని కూర్చుంది. 11 వచ్చాయి.

నల్లా రోజు

మొదటి చార్టును కూల్చింది నల్లా కాబట్టి దానికి విడిగా ఆలోచించాం. రోజు విడిచి రోజు వచ్చేదాన్ని అనుకోకుండా వచ్చిన ఇబ్బంది అనుకోకూడదు, అది సగం రోజుల సంగతి. నల్లా రోజుకు వేరే రంగు కాగితం మీద రెండో చార్టు రాశాం. మార్పులు రెండే.

పైపును డ్రమ్ముకు తాడుతో కట్టేయడం మొదటిది. 200 లీటర్ల డ్రమ్ము వాళ్ల నల్లా ధారకు 20 నిమిషాల్లో నిండుతోంది. ఆ 20 నిమిషాలూ ఒక మనిషి పైపు పట్టుకుని నిలబడాల్సిన పని లేదు. నానమ్మ కుర్చీ డ్రమ్ము కనిపించే చోటికి జరిగింది, నిండగానే చెబుతుంది. స్నానం ముగించుకున్న తండ్రి వచ్చి పైపును రెండో డ్రమ్ములోకి మారుస్తాడు.

రెండోది టిఫిన్. దోశ రుచే కానీ ఒక్కొక్కటిగా పోయాలి. పది దోశలంటే అరగంట పెనం ముందు కదలకూడదు. ఇడ్లీ ఒక్క వాయిలో అయిపోతుంది, ఆవిరి పట్టేంతసేపు చేతులు ఖాళీ. కాబట్టి నల్లా రోజు ఇడ్లీ, లేదా ఉగ్గాణి. నానమ్మది గద్వాల వైపు, బొరుగులు తడిపి పిండి ఇవ్వడం ఆమె కూర్చునే చేస్తుంది. దోశ నల్లా రాని రోజున.

తర్వాత

జనవరిలో సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి రెండు రోజులు చార్టు కుదరలేదు, ఒకసారి వ్యాన్ తప్పింది. సెలవుల్లో పదకొండుకు పడుకున్న పిల్లలు మొదటి రోజే ఆరింటికి లేవలేరు. అప్పటి నుంచి సెలవుల ఆఖరి మూడు రోజులు పడుకునే టైము వెనక్కి తెచ్చుకోమని చెప్తున్నాను. ఫిబ్రవరి అంతా వ్యాన్ ఒక్కసారీ తప్పలేదు. పెద్ద బాబు కడుపునొప్పి మొదటి నెలలోనే బాగా తగ్గింది. అందులో డాక్టర్ చెప్పిన తిండి, నీళ్ల పాత్ర ఎంతో, ఆ పది నిమిషాల పాత్ర ఎంతో నేను విడదీసి చెప్పలేను. రెండూ కలిసే జరిగాయి.

మార్చి సగంలో ఒంటిపూట బడులు వచ్చాయి. బడి ఎనిమిదింటికే, వ్యాన్ 7:15కి. 35 నిమిషాలు ముందుకు జరపాలి. అయితే ఎండలు ముదిరాక రాడ్ అవసరమే లేదు, ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా వస్తున్నాయి. బకెట్ల లెక్క పోయింది కాబట్టి లేచే టైము ఇరవై నిమిషాలే జరిపితే సరిపోయింది. ఇక్కడ చిక్కు ఇంకో చోట వచ్చింది. మధ్యాహ్నం వచ్చి అన్నం తిని మూడు గంటలు పడుకున్న చిన్నోడికి రాత్రి 9కి నిద్ర రాదు. మధ్యాహ్నం నిద్ర గంటకు మించకుండా లేపమన్నాను. ఎండలో బయటికి పంపలేక తల్లి చాలా రోజులు లేపలేకపోయింది. ఆ నెల వాడు కొంత నిద్ర తక్కువగానే గడిపాడు.

తీరనిది ఇంకోటి ఉంది. తండ్రికి నైట్ షిఫ్టు పడిన వారంలో పొద్దున అతను ఇంట్లో ఉండడు. ఒక బకెట్ తగ్గుతుంది, కానీ బకెట్ మోసేందుకు, పైపు మార్చేందుకు తల్లి ఒక్కతే. నైట్ షిఫ్టు, నల్లా రోజు రెండూ కలిసిన రోజున పెద్ద బాబు కూడా ముందురోజు సాయంత్రమే స్నానం చేయాలని రాసుకున్నారు. ఆ రోజు ఉత్త టైము మిగలదు. ఒక్కోసారి జడలు వ్యాన్‌లో పూర్తవుతాయి.

జూన్‌లో బళ్లు తెరిచాక అమ్మాయి పదో తరగతికి వచ్చింది, పొద్దున స్పెషల్ క్లాసులు ఉన్నాయి, ఆమె వ్యాన్ వేరు. నన్ను అడగలేదు. తల్లీకూతుళ్లు నోటుబుక్కు తీసుకుని మళ్లీ నాలుగు రోజులు టైములు రాసుకున్నారు. కొత్త చార్టు ఫోటో నాకు పంపారు. కాగితం అడుగున ముందుగా రాసి, చుట్టూ గీత గీసినట్టు కనిపిస్తోంది: "అక్క తలుపు 6:55". దాని పై వరుసలు వేరే పెన్నుతో ఉన్నాయి. చిన్నోడి తాడుకు ఐదో బొమ్మ చేరింది. బకెట్. రెండో తరగతికి వచ్చాడు కాబట్టి పొద్దునే స్నానం తనే చేస్తాడట. పక్కన అమ్మాయి రాసింది: "చిన్నోడు స్నానం: 9, 11, 12, 17. చార్టులో 12."